కటింగులు పోను ఎంత? ఒక మొదటి పే స్లిప్‌పై కొన్ని ప్రశ్నలు

ఆఫర్ లెటర్‌లో ఏడాదికి 4 లక్షల 20 వేలు అని ఉంది. పన్నెండుతో భాగిస్తే నెలకు 35 వేలు. ఇంట్లోవాళ్లకీ, అడిగిన చుట్టాలకీ ఆ అంకే చెప్పడం అయిపోయింది. తీరా నెలాఖరున బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్‌లో 19,873 రూపాయలు జమ అయినట్టుంది. "మిగతావి ఏమయ్యాయి?" అని ఇంట్లో అడిగితే "కటింగులు పోయాయి" అనడం తప్ప చాలామంది దగ్గర వేరే జవాబు ఉండదు.

ఆ జవాబు ఇక్కడ సగం కూడా నిజం కాదు. 35 వేలకూ 19,873కూ మధ్య తేడా 15,127 రూపాయలు. అందులో అసలు కటింగులు 2,527 మాత్రమే. మిగిలిన 12,600 స్లిప్‌లో కోతల వైపు ఎక్కడా కనిపించదు. అది ఎక్కడ దాక్కుందో తెలియాలంటే స్లిప్‌ను పై నుంచి కిందికి చదివితే చాలదు, దాన్ని ప్రశ్నలు అడగాలి.

కింద ఉన్నది ఉదాహరణ కోసం తయారు చేసిన స్లిప్. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కంపెనీలో 2025 జూన్ 10న చేరిన కొత్త ఉద్యోగిది అనుకోవాలి. ఇదే అతని మొదటి ఉద్యోగం. జీతం అంకెలు ఊహించినవే అయినా, వాటి మీద జరిగిన లెక్క మాత్రం ఆ నెలలో అమల్లో ఉన్న నిబంధనల ప్రకారమే ఉంది, ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోటా కావాలనే ఒక తప్పు పెట్టాం.

```
PAY SLIP: JUNE 2025      Hyderabad
DOJ 10-06-2025   Paid Days 21   LOP 0

EARNINGS           DEDUCTIONS
BASIC     9,800    EPF     1,800
HRA       3,920    PT        200
CONV      1,120    GMC       527
SPL ALW   7,560    TDS         0
GROSS    22,400    TOTAL   2,527

NET PAY  19,873
```

స్లిప్ ఒక్కటే ఉంటే సగం ప్రశ్నలకు జవాబు దొరకదు. పక్కన ఆఫర్ లెటర్ చివరి పేజీలో ఉండే అనెక్షర్ కూడా తెరిచి పెట్టుకోవాలి. అది పూర్తి నెల లెక్క.

```
BASIC          14,000
HRA             5,600
CONV            1,600
SPL ALW        10,800
GROSS          32,000
Employer PF     1,800
Gratuity          673
GMC premium       527
CTC (monthly)  35,000
```

చదవడం మొదలుపెట్టే ముందు ఒక పందెం వేసుకోవచ్చు. ఈ స్లిప్‌లో తప్పు ఎక్కడుందో ముందే ఊహించి ఒక కాగితం మీద రాసుకోండి. ఎక్కువమంది వేలు పెట్టేది EPF మీదే.

ఈ జీతం ఎన్ని రోజులకు?

స్లిప్ అందగానే అందరి కళ్లూ అడుగున ఉన్న NET PAY మీదకు పోతాయి. ముందు చూడాల్సింది మాత్రం పైన ఉన్న Paid Days. ఇక్కడ 21 అని ఉంది. జూన్ 10 నుంచి 30 దాకా, రెండు చివరి రోజులూ కలుపుకుని లెక్కపెడితే 21 రోజులే వస్తాయి. జూన్‌కు 30 రోజులు కాబట్టి 21ని 30తో భాగిస్తే 0.7. ఇప్పుడు అనెక్షర్‌లోని ప్రతి సంపాదన అంకెనూ 0.7తో గుణించి చూడండి. బేసిక్ 14,000 కాస్తా 9,800 అయింది. హెచ్‌ఆర్‌ఏ 5,600 నుంచి 3,920కి, మొత్తం గ్రాస్ 32,000 నుంచి 22,400కి దిగాయి. నాలుగు వరుసలూ సరిపోయాయి.

అంటే కనిపించకుండా పోయిన డబ్బులో 9,600 రూపాయలు కోత కాదు, పని చేయని తొమ్మిది రోజుల జీతం. అందుకే అది డిడక్షన్ల వైపు కనిపించదు. ఎర్నింగ్స్ వైపే తగ్గి వస్తుంది.

ఇక్కడ కంపెనీకో పద్ధతి ఉంటుంది. కొందరు నెలలో ఉన్న రోజులతో భాగిస్తారు, కొందరు ఏ నెలకైనా 30తోనే, ఇంకొందరు ఆదివారాలు తీసేసి 26తో. మన స్లిప్ జూన్‌ది కాబట్టి మొదటి రెండు పద్ధతుల్లో ఏది వాడారో దీన్నిబట్టి తేలదు. జూలై స్లిప్‌లో ఒక రోజు జీతం లేని సెలవు పడితే తేలుతుంది. LOP అంటే అదే, లాస్ ఆఫ్ పే. కొన్ని సాఫ్ట్‌వేర్లు చేరకముందు రోజులను కూడా LOP గడిలో వేసి 9 అని చూపిస్తాయి. అది చూసి "నేనెప్పుడు సెలవు పెట్టాను?" అని టెన్షన్ పడనక్కర్లేదు. Paid Days సరిగా ఉంటే చాలు. నెలాఖరులో చేరినవాళ్లకు అసలు ఆ నెల స్లిప్పే రాకపోవచ్చు. హాజరు లెక్కను కంపెనీ ఇరవయ్యో తేదీకో ఇరవై అయిదో తేదీకో ముగిస్తే, ఆ తర్వాతి రోజుల జీతం వచ్చే నెల స్లిప్‌లో అరియర్స్ పేరుతో వస్తుంది.

ఇదే పై భాగంలో పేరు, పాన్, పీఎఫ్ ఖాతాకు గుర్తింపైన 12 అంకెల యూఏఎన్ కూడా ఉంటాయి. మన పేర్లతో ఒక చిక్కుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమై ముందుంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్‌లో వెనక్కి వెళ్తుంది. పీఎఫ్ ఖాతా ఆధార్‌తో ముడిపడి నడుస్తుంది కాబట్టి, పేరూ పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే నమోదయ్యాయో లేదో మొదటి నెలలోనే చూసుకోవాలి. ఐదేళ్ల తర్వాత డబ్బు తీసుకునేటప్పుడు దిద్దించుకోవడం చాలా పెద్ద పని.

అనెక్షర్‌లో 35 వేలు ఉంటే గ్రాస్ 32 వేలే ఎందుకు?

మిగిలిన 3,000 సీటీసీలో ఉంది, జీతంలో లేదు. సీటీసీ అంటే ఉద్యోగి వల్ల కంపెనీకయ్యే ఖర్చు మొత్తం, ఉద్యోగి చేతికి వచ్చేది కాదు. ఆ మూడు వేలల్లో మూడు ముక్కలున్నాయి. కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ 1,800. గ్రాట్యుటీ కోసం లెక్కగట్టిన 673. బృంద ఆరోగ్య బీమా ప్రీమియం 527.

గ్రాట్యుటీ అంకె ఎలా వచ్చిందో ఒకసారి చూడటం మంచిది, ఎందుకంటే ఆఫర్ లెటర్లలో అది వింతగా 4.81 శాతం అని ఉంటుంది. ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం ఇవ్వాలి, నెలను 26 పనిదినాలుగా తీసుకోవాలి అన్నది చట్టంలోని సూత్రం. 15ని 26తో భాగించి, దాన్ని మళ్లీ పన్నెండు నెలలకు పంచితే బేసిక్‌లో 4.81 శాతం వస్తుంది. 14,000కి అది 673. మామూలుగా అయిదేళ్ల సర్వీసు నిండితేనే ఈ డబ్బు అందుతుంది. రెండేళ్లకే మానేసే కుర్రాడికి ఈ 673 కాగితం మీద అంకెగానే మిగిలిపోతుంది. అలాంటి దాన్ని సీటీసీలో కలిపి చెప్పడం చట్టవిరుద్ధం కాదు గానీ, రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు సీటీసీలను కాకుండా గ్రాస్‌లను పోల్చాలనడానికి ఇదొక మంచి కారణం.

ఇప్పుడు మొదటి లెక్క తేలింది. 15,127 తేడాలో 9,600 పని చేయని రోజులది, 3,000 సీటీసీలో ఉండిపోయినది. రెండూ కలిపి 12,600. కటింగులు అనదగినవి చివరి 2,527 మాత్రమే.

ఒకే జీతాన్ని నాలుగు పేర్లుగా ఎందుకు విడగొట్టారు?

ఇది కొత్తవాళ్లకు పట్టని ప్రశ్న. ఎలాగూ అన్నీ కలిపే వస్తాయి కదా అనిపిస్తుంది. కానీ పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలు ఈ పేర్లను బట్టే మారతాయి.

బేసిక్ పునాది. హెచ్‌ఆర్‌ఏ ఇంటి అద్దె భత్యం. కన్వేయన్స్ రాకపోకల భత్యం. ఇక స్పెషల్ అలవెన్స్ పేరుకు ప్రత్యేకమే గానీ ప్రత్యేకంగా దేనికీ ఇచ్చేది కాదు. మిగతావన్నీ పంచాక గ్రాస్‌ను సరిపెట్టడానికి మిగిలిన అంకె అది. మన ఉదాహరణలో అది బేసిక్‌కు దాదాపు పోటీగా ఉంది. బేసిక్ తక్కువ, స్పెషల్ ఎక్కువ అనే ఈ అమరిక ప్రైవేటు కంపెనీల్లో ఏళ్లుగా ఉన్నదే. బేసిక్ తగ్గితే దాని మీద ఆధారపడే గ్రాట్యుటీ తగ్గుతుంది. పీఎఫ్ కూడా తగ్గుతుందనేది అసలు ఆశ. ఆ ఆశ ఎంతవరకు చెల్లుతుందన్నదే తర్వాతి ప్రశ్న.

ఈలోగా హెచ్‌ఆర్‌ఏ గురించి ఒక మాట. ఆ పేరు చూడగానే అద్దె రసీదులు, ఇంటి ఓనరు పాన్ నంబరు అంటూ పరుగులు పెట్టేవాళ్లున్నారు. 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే అందరికీ మొదటి ఎంపిక. అందులో హెచ్‌ఆర్‌ఏకు మినహాయింపు లేదు. పాత విధానం కావాలని కంపెనీకి చెప్పినవాళ్లకే ఆ రసీదులతో పని.

EPF 1,800 ఎలా వచ్చింది?

చాలామంది వేలు పెట్టేది ఇక్కడే. పీఎఫ్ అంటే బేసిక్‌లో 12 శాతం అని అందరూ విన్నదే. బేసిక్ 9,800. దాని 12 శాతం 1,176. స్లిప్‌లో మాత్రం 1,800 ఉంది. అంటే 624 రూపాయలు ఎక్కువ కోశారు! పైగా జీతం 21 రోజులకే వచ్చింది, పీఎఫ్ మాత్రం పూర్తి నెల అంకెలా కనిపిస్తోంది. పందెంలో EPF అని రాసుకున్నవాళ్లకు తామే గెలిచామనిపిస్తుంది.

1,800ను వెనక నుంచి విప్పి చూడాలి. 1,800 ఏ మొత్తానికి 12 శాతం? 15,000కు. ఈ 15,000 ఎక్కడిదంటే, పీఎఫ్ లెక్కకు తీసుకోవాల్సిన నెల జీతానికి 2014 సెప్టెంబరు నుంచి ఉన్న గరిష్ఠ పరిమితి అదే. జీతం అంతకన్నా ఎంత ఎక్కువున్నా, కంపెనీ 15,000 మీదే లెక్కగట్టి ఆపేయవచ్చు. కొన్ని కంపెనీలు పరిమితి చూడకుండా పూర్తి బేసిక్ మీద కడతాయి. మన కంపెనీ పరిమితి దగ్గర ఆగింది.

అయితే బేసిక్ 9,800 ఉంటే 15,000 పరిమితి దాకా వెళ్లడమెలా? పీఎఫ్ లెక్కకు కావాల్సింది స్లిప్‌లో BASIC అని రాసిన అంకె ఒక్కటే కాదు కాబట్టి. 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు వివేకానంద విద్యామందిర్ కేసులో ఇదే తేల్చింది. ఉద్యోగులందరికీ మామూలుగా ఇచ్చే భత్యాన్ని, అదనపు పనితోనో ఉత్పత్తితోనో సంబంధం లేనిదాన్ని, పేరు మార్చినంత మాత్రాన పీఎఫ్ లెక్క నుంచి తప్పించలేరని ఆ తీర్పు సారాంశం. ఇంటి అద్దె భత్యానికి మాత్రం చట్టంలోనే మినహాయింపు ఉంది. కాబట్టి మన స్లిప్‌లో బేసిక్ 9,800కు స్పెషల్ అలవెన్స్ 7,560 కలపాలి. ఆ రెండే 17,360 అవుతున్నాయి, కన్వేయన్స్ దాకా వెళ్లనక్కర్లేకుండానే 15,000 దాటింది. 15,000 దగ్గర ఆపి 12 శాతం తీస్తే సరిగ్గా 1,800.

తక్కువ రోజుల సంగతి కూడా దీంతోనే విడిపోతుంది. తగ్గేది ఆ నెల సంపాదించిన జీతమే, 15,000 పరిమితి తగ్గదు. 21 రోజుల జీతమే 15,000 దాటింది కాబట్టి కోత పూర్తి నెలలాగే పడింది. ఈ ఉద్యోగి జూన్ 22న చేరి ఉంటే తొమ్మిది రోజులకు బేసిక్ 4,200, కన్వేయన్స్ 480, స్పెషల్ 3,240 వచ్చేవి. అన్నీ కలిపినా 7,920. అప్పుడు పీఎఫ్ దాని 12 శాతం, అంటే సుమారు 950 అయ్యేది. కాబట్టి EPF గడిలో తప్పు లేదు. బేసిక్‌కు మాత్రమే 12 శాతం వేసి 1,176 చూపించే స్లిప్పే అనుమానించదగినది. చేతికి 624 ఎక్కువ వస్తుంది గనుక ఆ స్లిప్ మీద ఎవరూ ఫిర్యాదు చేయరు, అది వేరే సంగతి. కంపెనీ వంతు కూడా ఆ మేరకు తగ్గిందని గుర్తించేవాళ్లు తక్కువ.

ఆ తర్వాత వచ్చిన మార్పు ఒకటి ఇక్కడే చెప్పాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, హెచ్‌ఆర్‌ఏ, కన్వేయన్స్ లాంటి మినహాయింపు భత్యాలు మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటినంత మేరా వేతనంలో కలపాలి. బేసిక్‌ను చిన్నగా ఉంచి భత్యాలను పెంచే పాత అమరికకు ఇది రెండో దెబ్బ. ఆ తేదీ తర్వాత వచ్చిన ఆఫర్లలో బేసిక్ సగం చుట్టూ కనిపిస్తే కారణం ఇదే.

స్లిప్‌లో 1,800 కోసినంత మాత్రాన అది ఖాతాలో పడినట్టు కాదు. జూన్ నెల పీఎఫ్‌ను కంపెనీ జూలై 15లోగా కట్టాలి. ఆ తర్వాత కొద్ది రోజులకు ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్ సైటులో యూఏఎన్‌తో లాగిన్ అయి చూడొచ్చు. కేవైసీ పూర్తయి ఉంటే రిజిస్టరైన మొబైల్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇచ్చినా మెసేజ్ వస్తుంది. పాస్‌బుక్‌లో చూడాల్సిన గడులు మూడు: ఉద్యోగి వాటా, యజమాని వాటా, పెన్షన్ వాటా. చేరేటప్పుడు పీఎఫ్ జీతం 15,000 లోపు ఉన్నవాళ్లకు యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ గడిలోకి వెళ్తుంది, గరిష్ఠంగా 1,250. కానీ 2014 సెప్టెంబరు 1 తర్వాత తొలిసారి పీఎఫ్‌లో చేరి, ఆ జీతం 15,000 దాటినవాళ్లు నిబంధన ప్రకారం పెన్షన్ పథకంలోకి రారు. మన ఉద్యోగికి పూర్తి నెల బేసిక్, స్పెషల్ కలిపితేనే 24,800. కాబట్టి అతని పాస్‌బుక్‌లో పెన్షన్ గడి సున్నాగా ఉండి, కంపెనీ కట్టిన 1,800 మొత్తం యజమాని వాటాలో కనిపించాలి. అక్కడ 1,250 కనిపిస్తే వెంటనే అడగాలి. కంపెనీ మారి ఖాతా బదిలీ పెట్టుకున్నప్పుడు ఈ పొరపాటే అడ్డుపడుతుంది.

PT 200 ఎవరికి పోయింది?

రాష్ట్ర ప్రభుత్వానికి. ఇది వృత్తి పన్ను. తెలంగాణలో నెల జీతం 15,000 దాకా ఏమీ లేదు, 20,000 దాకా 150, ఆపైన 200. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇవే అంకెలు. మన స్లిప్‌లో గ్రాస్ 22,400 కాబట్టి 200 సరే. ఇదే జీతంతో బెంగళూరులో చేరి ఉంటే ఈ నెలకు ఏమీ పడేది కాదు, అక్కడ 25,000 లోపు జీతానికి మినహాయింపు. చెన్నైలో ఆరు నెలలకోసారి లెక్క. అందుకే వేరే రాష్ట్రంలో ఉన్న స్నేహితుడి స్లిప్ పక్కన పెట్టుకుని పోల్చితే లేని తప్పు కనిపిస్తుంది.

లేని వరుసల సంగతి?

ESI అనే వరుస ఈ స్లిప్‌లో లేదు. ఉద్యోగి జీతంలో 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం కట్టించుకుని వైద్యం అందించే పథకం అది. నెల జీతం 21,000 దాటనివాళ్లకే వర్తిస్తుంది. 18,000 జీతమైతే కోత 135 రూపాయలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మన ఉద్యోగి జూన్ 15న చేరి ఉంటే ఆ నెల గ్రాస్ సుమారు 17,067 వచ్చేది, 21,000 కన్నా తక్కువే. అయినా ఈఎస్‌ఐ పడదు. ఎందుకంటే అది చూసేది నెలకు ఒప్పుకున్న 32,000 జీతాన్ని, ఆ నెల చేతికొచ్చిన ముక్కను కాదు. వృత్తి పన్ను మాత్రం ఆ నెల జీతాన్నే చూస్తుంది కాబట్టి 150కి తగ్గేది. ఒకే స్లిప్‌లో రెండు వరుసలు రెండు వేర్వేరు అంకెలను చూస్తున్నాయన్నమాట.

TDS సున్నా ఉండటం కూడా మరిచిపోవడం కాదు. ఆదాయపు పన్నును కంపెనీ నెల జీతం చూసి కోయదు. మార్చి దాకా ఏడాదికి ఎంత వస్తుందో అంచనా వేసి, ఆ పన్నును మిగిలిన నెలలకు పంచుతుంది. ఈ ఉద్యోగికి జూన్‌లో 22,400, జూలై నుంచి మార్చి దాకా తొమ్మిది నెలలకు 2,88,000, మొత్తం 3,10,400. 2025-26లో కొత్త విధానం కింద 4 లక్షల దాకా పన్నే లేదు. 75,000 స్టాండర్డ్ డిడక్షన్, రిబేటు కలుపుకుంటే 12,75,000 జీతం దాకా కూడా సున్నాయే. అదే ఏడాది వేరే చోట జీతం తీసుకుని ఉంటే మాత్రం కొత్త కంపెనీకి చెప్పాలి. లేకపోతే రెండు కంపెనీలూ విడివిడిగా సున్నా అనుకుంటాయి, రిటర్ను వేసేటప్పుడు రెండింటి మొత్తం మీద పన్ను ఒక్కసారిగా ఎదురవుతుంది.

GMC 527. ఇంతకుముందు ఎక్కడో చూసినట్టుందా?

చూశాం, అనెక్షర్‌లో. బృంద ఆరోగ్య బీమా ప్రీమియం అది. అక్కడ GROSS గీత కింద ఉంది, అంటే కంపెనీ భరించే ఖర్చుగా సీటీసీలో ముందే లెక్కలోకి వచ్చేసింది. 35,000 నుంచి ఆ 527 తీసేశాకే గ్రాస్ 32,000 అయింది. ఇప్పుడు స్లిప్‌లో అదే 527ను ఆ గ్రాస్ నుంచి మళ్లీ కోశారు. ఒకే ప్రీమియం రెండుసార్లు ఉద్యోగి నుంచే పోయింది. స్లిప్‌లోని తప్పు ఇదే.

EPF మీద కళ్లు పడి ఇది జారిపోవడానికి కారణముంది. స్లిప్‌ను స్లిప్‌గా చూస్తే ఇందులో లోపం లేదు. కూడికలు సరిపోయాయి, 22,400లో 2,527 తీసేస్తే 19,873 వస్తుంది, బ్యాంకులో పడిందీ అంతే. వృత్తి పన్నుకు, పీఎఫ్‌కు బయట ఒక నిబంధన ఉంది, దాంతో సరిచూడొచ్చు. బీమా కోతకు అలాంటి శాతమేదీ లేదు, దాన్ని సరిచూసే కాగితం ఆఫర్ లెటర్ ఒక్కటే. అనెక్షర్‌లో గీత కింద ఉన్న అంశం స్లిప్‌లో డిడక్షన్ల వైపు ప్రత్యక్షమైతే అనుమానించాలి.

గీత కింద ఉన్న Employer PF 1,800, స్లిప్‌లో ఉన్న EPF 1,800 కూడా అలాంటి జంటే కదా అనే ప్రశ్న రావాలి. అది వేరు. పీఎఫ్‌లో రెండు వాటాలు నిజంగానే ఉన్నాయి, పాస్‌బుక్‌లో రెండూ కనిపిస్తాయి. బీమాలో ఒక్కటే ప్రీమియం. అయితే తొందరపడకుండా ఒకటి చూసుకోవాలి. చేరిన రోజున నింపిన ఫారాల్లో తల్లిదండ్రులకు కూడా బీమా కావాలని టిక్ పెట్టి ఉంటే, ఆ అదనపు ప్రీమియం ఉద్యోగి జీతం నుంచి కోయడం న్యాయమే. అప్పుడు రెండు అంకెలూ అచ్చుగుద్దినట్టు ఒకటే ఉండటం అరుదు. ఇక్కడ ఫారంలో ఆ టిక్ లేదనుకుందాం.

అడిగే పద్ధతి కూడా ప్రశ్నలాగే ఉండాలి. "నా జీతం తక్కువ పడింది" అని రాస్తే "పేరోల్ పాలసీ ప్రకారమే" అని ఒక్క ముక్కలో జవాబొస్తుంది. "అనెక్షర్‌లో GMC premium 527 గ్రాస్‌కు కింద, సీటీసీలో భాగంగా ఉంది. జూన్ స్లిప్‌లో అదే 527 డిడక్షన్లలో కూడా ఉంది. ఇది తల్లిదండ్రుల బీమా కోసమా, లేక రెండోసారి పడిందా? రెండోసారి అయితే జూలై జీతంలో సరిచేయగలరా?" అని, రెండు కాగితాలూ జత చేసి హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడితే దాటవేయడానికి చోటు ఉండదు. ఫోన్‌లో అడిగినా తర్వాత మెయిల్‌లో ఒక మాట రాసి పెట్టుకోవడం మేలు.

జూలైలో చేతికి ఎంత రావాలి?

ఇది జూలై స్లిప్ రాకముందే జవాబు రాసుకోవాల్సిన ప్రశ్న. జీతం లేని సెలవులేమీ పడకపోతే గ్రాస్ 32,000. పీఎఫ్ మళ్లీ 1,800, వృత్తి పన్ను 200, పన్ను లేదు. అవి పోను 30,000. జూన్‌లో అదనంగా పోయిన 527 వెనక్కి ఇస్తే 30,527 పడాలి. 30,000 మాత్రమే పడితే ఇకముందు కోయకుండా ఆపారు గానీ పాతది తిరిగి ఇవ్వలేదు. 29,473 పడితే మెయిల్ ఎవరూ చదవలేదు.